మాయమైన ఈమెయిల్, చేజారిన వెబ్‌సైట్ పేరు

రాజమండ్రిలో ఒక బట్టల దుకాణం ఉందనుకుందాం. 2012లో పెద్దబ్బాయి స్నేహితుడొకరు ఒక సాయంత్రం కూర్చుని దుకాణం పేరు మీద ఒక డాట్ కామ్ కొనిపెట్టాడు. ఖాతా తెరవడానికి అప్పట్లో ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌తో పాటు వచ్చిన ఈమెయిల్ అడ్రస్ ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత ఆ కనెక్షన్ తీసేయించారు. దాంతో పాటే మెయిల్‌బాక్సూ పోయింది. కార్డులోంచి ఏటా డబ్బు దానంతటదే కట్ అవుతుండటంతో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఒక ఏడాది కార్డు గడువు తీరింది, డబ్బు కట్ కాలేదు. మార్చి 3న డొమైన్ గడువు ముగిసింది. మార్చి 20న విశాఖ నుంచి ఒక ఖాతాదారు ఫోన్ చేశారు: "మీ సైట్ తెరిస్తే ఏవో ప్రకటనలు వస్తున్నాయండీ."

పాస్‌వర్డ్ గుర్తులేదు. "మర్చిపోయాను" అని నొక్కితే కొత్త పాస్‌వర్డ్ లింకు పంపామని జవాబొచ్చింది. పంపింది ఎక్కడికంటే, ఎప్పుడో మూతపడిన ఆ మెయిల్‌బాక్సుకే.

డాట్ కామ్ లాంటి పేర్లకు నియమాలు పెట్టే సంస్థ ఐకాన్. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటాక ఐదు రోజుల్లోపు మరోసారి యజమానికి తెలియజేయాలని పేర్లు అమ్మే కంపెనీలకు 2013 నుంచి ఆ సంస్థ నిబంధన పెట్టింది. ఈ దుకాణానికీ మూడు హెచ్చరికలూ వెళ్లే ఉంటాయి. చదివేవాళ్లే లేరు.

ఇక్కడ మూడు పాత్రలను విడదీసి చూడాలి. పేర్ల మొత్తం పట్టికను నిర్వహించేది రిజిస్ట్రీ. డాట్ కామ్‌కు అది వెరిసైన్, డాట్ ఇన్‌కు నిక్సీ. మనకు పేరు అమ్మే కంపెనీ రిజిస్ట్రార్. ఎవరి పేరు మీద డొమైన్ నమోదైందో వాళ్లు రిజిస్ట్రంట్, అంటే నమోదుదారు. ఈమెయిల్ తాళంచెవి లాంటిది, ఆస్తి కాగితం మాత్రం కాదు. నమోదుదారు గడిలో ఎవరి పేరుందో, ఏ సంస్థ పేరుందో దాన్నిబట్టే హక్కు తేలుతుంది. తాళంచెవి పోయినప్పుడు ఆ గడిలో ఉన్నది మనమేనని రుజువు చేసుకోగలిగితే దారి ఉంటుంది.

ఆ రుజువు అడగడంలో రిజిస్ట్రార్లు ఎందుకంత కఠినంగా ఉంటారో తెలియాలంటే అమెరికాలో జరిగిన ఒక దొంగతనం గురించి తెలుసుకోవాలి. గ్యారీ క్రెమెన్ అనే వ్యాపారి 1994లో sex.com అనే పేరును ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్ అనే తన వ్యాపారం తరఫున నమోదు చేసుకున్నాడు. మరుసటి ఏడాది స్టీఫెన్ కోహెన్ అనే మోసగాడు ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. క్రెమెన్‌ను తొలగించామనీ, ఈ పేరును వదులుకుంటున్నామనీ ఆ కంపెనీయే రాసినట్టు అందులో ఉంది. తమకు నేరుగా ఇంటర్నెట్ కనెక్షన్ లేదని కూడా రాశారు. పేరులోనే ఆన్‌లైన్ ఉన్న కంపెనీకి ఇంటర్నెట్ లేదంటే ఎవరికైనా అనుమానం రావాలి. నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే రిజిస్ట్రార్ క్రెమెన్‌ను ఒక్క మాటైనా అడగకుండా పేరు మార్చేసింది. దాన్ని తిరిగి దక్కించుకోవడానికి ఆయనకు 2000 నవంబరు దాకా పట్టింది. డొమైన్ పేరు కూడా ఆస్తేననీ, దాన్ని తప్పుగా వేరొకరికి అప్పగిస్తే రిజిస్ట్రార్ బాధ్యత వహించాల్సి రావచ్చనీ 2003లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. "నా పాత మెయిల్ పోయింది, కొత్తది పెట్టండి" అని ఎవరైనా రాస్తే రిజిస్ట్రార్‌కు ముందుగా కనిపించేది కోహెన్ ఉత్తరమే. ఆ కఠినత్వం మనల్ని సతాయించడానికి పెట్టింది కాదు, మన పేరును కాపాడటానికి పెట్టింది.

దుకాణం సంగతికొద్దాం. మొదట చేయాల్సింది lookup.icann.org లో డొమైన్ పేరు కొట్టి చూడటం. నమోదుదారు వివరాలు చాలావరకు దాచి ఉంచుతారు కాబట్టి అక్కడ మన పేరు కనిపించకపోవచ్చు, కంగారు పడక్కర్లేదు. చూడాల్సినవి రిజిస్ట్రార్ ఎవరు, తేదీలేమిటి, స్టేటస్ ఏమిటి. పేరు కొనిపెట్టిన స్థానిక ఏజెంటు దుకాణం ఎత్తేసినా, అసలు రిజిస్ట్రార్ ఎవరో ఇక్కడ తెలిసిపోతుంది. నేరుగా వాళ్లనే అడగవచ్చు.

తేదీ దగ్గర చాలామంది మోసపోతారు. గడువు దాటిన మార్చి 3నే రిజిస్ట్రీ తన పట్టికలో పేరును మరో ఏడాదికి తనంతట తానే పొడిగిస్తుంది. అందుకే మార్చి 20న చూసిన అబ్బాయికి వచ్చే ఏడాది తేదీ కనిపించింది, "ఇంకా ఏడాదుంది నాన్నా" అని ఊరుకున్నాడు. రిజిస్ట్రార్‌కు మాత్రం డబ్బు ముట్టలేదు. స్టేటస్‌లో `autoRenewPeriod` అని ఉంటే అది పొడిగింపు కాదు, గడువు దాటిందన్న గుర్తు. ఈ దశ 45 రోజుల దాకా సాగవచ్చు. అయితే అన్ని రోజులూ ఆగాలన్న నియమం రిజిస్ట్రార్‌కు లేదు, ఈలోపే పేరును వేలానికి పెట్టేవాళ్లూ ఉన్నారు. తర్వాతి దశ `redemptionPeriod`, 30 రోజులు. అప్పటికీ పేరు వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ ఏటా కట్టే రుసుముకు ఎన్నో రెట్లు అడుగుతారు. ఆ తర్వాత `pendingDelete`, ఐదు రోజులు. అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. ఆరో రోజు ఆ పేరు ముందొచ్చినవాళ్లది.

కాబట్టి ఖాతా కోసం పోరాడే ముందు గడియారాన్ని ఆపాలి. లాగిన్ లేకున్నా ఎవరైనా రెన్యువల్ రుసుము కట్టే వీలు కొందరు రిజిస్ట్రార్ల దగ్గర ఉంటుంది. కట్టినంత మాత్రాన కట్టినవాళ్లకు పేరు మీద హక్కు రాదు, పేరు మాత్రం నిలబడుతుంది. 1999 క్రిస్మస్ రోజుల్లో మైక్రోసాఫ్ట్ తన passport.com రుసుము కట్టడం మరిచిపోతే, మైఖేల్ చేనీ అనే ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి దాన్ని నిలబెట్టాడు. దుకాణం వాళ్లు కూడా అదే పని చేశారు. ఫోన్‌లో సహాయ విభాగాన్ని అడిగి, చెప్పిన లింకులో డబ్బు కట్టేశారు.

తర్వాత కాగితాల పని. ఈమెయిల్ అందుబాటులో లేనివాళ్ల కోసం రిజిస్ట్రార్లు ప్రత్యేకంగా ఒక దరఖాస్తు ఉంచుతారు. వ్యక్తి పేరు మీద ఉంటే ప్రభుత్వ ఫోటో గుర్తింపు కార్డు అడుగుతారు. సంస్థ పేరు మీద ఉంటే దాంతో పాటు వ్యాపార పత్రం, లెటర్‌హెడ్ మీద సంతకంతో ఉత్తరం కావాలి. దుకాణం వాళ్లు జీఎస్టీ సర్టిఫికెట్ పంపారు. నాలుగు రోజులకు తిరస్కరించారు. కారణం ఒక్క అక్షరం. 2012లో నమోదు చేసినప్పుడు దుకాణం పేరులోని లక్ష్మిని `Laxmi` అని కొట్టారు, జీఎస్టీ సర్టిఫికెట్‌లో `Lakshmi` అని ఉంది. మన పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్క తీరున ఉండదు, కాగితాలు పోల్చి చూసే ఉద్యోగికి మాత్రం అవి రెండు వేర్వేరు సంస్థలు.

గట్టెక్కించింది పాత డబ్బు లెక్కలే. రిజిస్ట్రార్‌కు డబ్బు వెళ్లిన తేదీలు, మొత్తాలు ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్లు, కార్డు చివరి నాలుగు అంకెలు, ఫైల్లో దొరికిన 2012 నాటి ఇన్‌వాయిస్, రెండు స్పెల్లింగులూ ఒకే దుకాణానివని వివరించే ఉత్తరం కలిపి మళ్లీ పంపారు. పేరు ఎవరైనా చెప్పగలరు. పదేళ్ల కిందట ఏ రోజు ఎంత కట్టారో దొంగకు తెలియదు. రెండో దరఖాస్తు నెగ్గింది. కొత్త ఈమెయిల్ పెట్టాక, నమోదుదారు వివరాలు మారాయన్న కారణంతో 60 రోజులు ఆ డొమైన్‌ను వేరే రిజిస్ట్రార్‌కు మార్చుకోవడానికి వీల్లేదన్నారు. అదీ దొంగల భయంతో పెట్టిన తాళమే, సైట్ నడవడానికి అడ్డు కాదు.

హోస్టింగ్ వేరే కంపెనీది, దానికీ ఆ చచ్చిన మెయిలే. అయితే డొమైన్ చేతికొచ్చాక ఇది తేలికైంది. ఆ పేరు మీ చేతిలో ఉందని చూపించమని హోస్టింగ్ కంపెనీ ఒక సంకేతాన్ని ఇచ్చింది, డొమైన్ సెట్టింగుల్లో దాన్ని ఇలా చేర్చారు:

```
TXT   @   "verify=7f3k92"
```

ఈ గీత పెట్టగలిగేది డొమైన్‌ను నడిపేవాళ్లే. దీనికి చెల్లింపు రసీదు తోడైతే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. అందుకే ముందు డొమైన్, తర్వాత హోస్టింగ్. కానీ హోస్టింగ్‌కు ఐకాన్ గడువులేవీ వర్తించవు. బిల్లు కట్టకపోతే కొన్ని వారాల్లోనే ఫైళ్లు తుడిచేస్తారు. కాబట్టి డొమైన్ కోసం తిరుగుతున్న రోజుల్లోనే హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేసి, బాకీ కడతాం, ఫైళ్లు తీసేయొద్దని చెప్పుకోవాలి.

రిజిస్ట్రంట్ ఈమెయిల్ అదే డొమైన్ మీద ఉన్నవాళ్లది ఇంకో రకం చిక్కు. డొమైన్ ఆగితే మెయిల్ ఆగుతుంది, మెయిల్ లేక పాస్‌వర్డ్ రాదు. వీళ్లకు మాత్రం రెన్యువల్ రుసుము కడితే చాలాసార్లు మెయిల్ తిరిగి పనిచేసి, మిగతాదంతా దానంతటదే తెరుచుకుంటుంది.

అసలు దారి మూసుకుపోయేది నమోదుదారు గడిలో మన పేరే లేనప్పుడు. సైట్ చేసిపెట్టిన డిజైనర్ తన పేరే రాసుకుంటే, రిజిస్ట్రార్ దృష్టిలో యజమాని ఆయనే. ఏటా డబ్బు మీరే కట్టానన్నా వాళ్లు మార్చరు. ఆయన్ని వెతికి పట్టుకుని బదిలీ చేయించుకోవడమే మేలు. ట్రేడ్‌మార్కు ఉండి, ఎదుటివాళ్లది దురుద్దేశమని చూపగలిగితే డాట్ కామ్‌కు యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కు నిక్సీ వారి ఐఎన్‌డీఆర్‌పీ అనే మధ్యవర్తిత్వ ప్రక్రియలున్నాయి. లేదంటే కోర్టే. నమోదుదారు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం అడుగుతారు.

వాడని మెయిల్ చచ్చి ఊరుకోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2009లో ట్విటర్ ఉద్యోగి ఒకరు తన జీమెయిల్‌కు రికవరీ అడ్రస్‌గా ఇచ్చిన పాత హాట్‌మెయిల్ రద్దయిపోయింది. ఒక ఫ్రెంచ్ హ్యాకర్ అదే అడ్రస్‌ను తన పేరున కొత్తగా తెరిచి, పాస్‌వర్డ్ లింకు తెప్పించుకుని, కంపెనీ అంతర్గత పత్రాల దాకా వెళ్లాడు. రాజమండ్రి దుకాణం మెయిల్‌ను అలా ఎవరూ తెరవకపోవడం వాళ్ల అదృష్టం.

మీ దుకాణానికో, బడికో, సంఘానికో వెబ్‌సైట్ ఉంటే ఈ వారమే ఆ ఖాతాలోకి వెళ్లండి. నమోదుదారు గడిలో ఎవరి పేరుందో, స్పెల్లింగ్ మీ కాగితాలతో కలుస్తుందో లేదో చూడండి. ఈమెయిల్ గడిలో ఉన్న అడ్రస్‌కు మీరే ఒక మెయిల్ పంపి, అది మీ చేతికి వస్తుందో లేదో చూసుకోండి.