బాణం పక్కన ఒక వాక్యం

"పొట్టి శ్రీరాములు ఆత్మత్యాగం ఫలితంగా 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది." పరీక్ష పేపర్లలో తరచూ కనిపించే వాక్యమిది. పైపైన చదివితే తప్పేమీ తోచదు. ఆత్మత్యాగం నిజమే, తేదీ నిజమే. తప్పంతా మధ్యలో ఉన్న 'ఫలితంగా'లోనే ఉంది. శ్రీరాములు మరణించింది 1952 డిసెంబరు 15న. దాని వెంట వచ్చింది 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం. అందులో హైదరాబాద్ లేదు, తెలంగాణ లేదు. 1956లో ఏర్పడింది వేరే రాష్ట్రం, దాని వెనక కథ కూడా చాలావరకు వేరు.

ఈ పొరపాటు చేసే విద్యార్థికి తేదీలు రావని కాదు. వరసగా అప్పజెప్పగలడు. ఒక తేదీకి, తర్వాతి తేదీకి మధ్య ఏం జరిగిందో నోట్సులో ఎక్కడా రాసుకోలేదు, అంతే. గైడులో తేదీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి కాబట్టి, పైనున్నది కింద ఉన్నదానికి కారణమని కళ్లే తేల్చేసుకుంటాయి. వ్యాసరూప ప్రశ్న మాత్రం అడిగేది ఆ మధ్య ఖాళీనే. "ఆంధ్రప్రదేశ్ అవతరణకు దారితీసిన పరిస్థితులను వివరించండి" అన్నప్పుడు కావలసింది తేదీల పట్టిక కాదు, ఒక సంఘటన మరో సంఘటనకు ఎలా దారితీసిందన్న వివరణ.

ఆ వివరణను ముందే కాగితం మీద తయారు చేసుకోవడానికి కార్యకారణ కాలరేఖ పనికొస్తుంది. మామూలు కాలరేఖలో సంవత్సరం, సంఘటన ఉంటాయి. ఇందులో సంఘటనలు పెట్టెల్లో ఉంటాయి, పెట్టెకూ పెట్టెకూ మధ్య బాణం ఉంటుంది, ప్రతి బాణం పక్కనా ఒక చిన్న వాక్యం ఉంటుంది. అసలు పని ఆ వాక్యం రాయడమే. రాయలేకపోతే ఆ బాణం గీయకూడదు. అక్కడ చుక్కల గీత పెట్టి, పాఠంలోకి తిరిగి వెళ్లి చూడాలి.

పైన చెప్పిన ప్రశ్ననే తీసుకుని ఒక పేజీ వేసి చూద్దాం. లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి, కుడి చివర ముందుగా ఆఖరి పెట్టె వేయాలి: 1956 నవంబరు 1, ఆంధ్రప్రదేశ్. అక్కణ్నుంచి వెనక్కి నడవాలి. మొదటి నుంచి మొదలుపెడితే పాఠంలో ఉన్నవన్నీ పేజీలోకి వచ్చిపడతాయి. చివరి నుంచి వస్తే, ప్రతి పెట్టె దగ్గరా "ఇది ఎందుకు జరిగింది?" అని ఆగవలసి వస్తుంది. జవాబుతో పనిలేనివి వాటంతటవే పేజీ బయట ఉండిపోతాయి.

1956లో కలిసినవి రెండు: ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు. కాబట్టి వెనక్కి వెళ్లే గీత ఒకటి కాదు, రెండు. ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన నిర్ణయం ఇదే. పేజీ మధ్యలో అడ్డగీత గీసి, పైన మద్రాసు కథ, కింద హైదరాబాద్ కథ నడపాలి.

పైసగంలో మొదటి పెట్టె 1913, బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ. మద్రాసు రాష్ట్రంలో తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరికకు అక్కడ వేదిక దొరికింది. తర్వాతి పెట్టె 1937 నవంబరు 16, శ్రీబాగ్ ఒడంబడిక. ఈ రెంటి మధ్య బాణం పక్కన ఏం రాయాలి? చదువులోనూ సాగునీటిలోనూ ముందున్న కోస్తా జిల్లాలదే పెత్తనం అవుతుందని రాయలసీమ నాయకులు భయపడ్డారు, ఆ భయం తీర్చడానికి ఒప్పందం కుదిరింది. ఇంత రాస్తే చాలు. అయితే శ్రీబాగ్ పెట్టె నుంచి ఇంకో బాణం పక్కనున్న పెట్టెలన్నీ దాటి దూరంగా 1953 దగ్గరకు వెళ్తుంది. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతంలో ఉండకూడదని, రాయలసీమ తనకు కావలసింది ఎంచుకోవచ్చని ఆ ఒడంబడిక చెప్పింది. పదహారేళ్ల తర్వాత కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. వరసగా చదివితే ఇలాంటి దూరపు కారణం కంటికి ఆనదు. గీస్తే తెలుస్తుంది.

తర్వాతిది 1949, జె.వి.పి. కమిటీ. జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి పేర్ల మొదటి అక్షరాలతో పిలిచే ఈ కాంగ్రెస్ కమిటీ భాషా రాష్ట్రాలను వాయిదా వేయమంది. కానీ మద్రాసు నగరం మీద పట్టు వదిలితే ఆంధ్ర విషయం వేరుగా చూడవచ్చని కూడా అంది. ఈ రెండో మాట చాలా నోట్సుల్లో కనిపించదు. అది లేకపోతే 1952 పెట్టె అర్థం కాదు.

అక్టోబరు 19న మద్రాసులో మొదలైన శ్రీరాములు నిరాహార దీక్ష 58 రోజులు సాగింది. ఆయన చనిపోయాక ఆంధ్ర జిల్లాల్లో అల్లర్లు చెలరేగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటును ప్రకటించారు, మద్రాసు నగరం లేకుండా. ఇక్కడ విద్యార్థి వేసుకోవలసిన పరీక్ష ఒకటుంది: ఈ పెట్టె తీసేస్తే తర్వాతి పెట్టె ఉండేదా? డిమాండు 1913 నుంచీ ఉంది. సూత్రప్రాయంగా ఒప్పుకోలు 1949లోనే ఉంది. తగాదా మద్రాసు నగరం దగ్గర ఆగింది. కాబట్టి ఆ మరణం డిమాండు పుట్టడానికి కారణం కాదు, అది అప్పుడే, నాలుగు రోజుల్లో నెరవేరడానికి కారణం. చరిత్ర పాఠాల్లో దీర్ఘకాలిక కారణం, తక్షణ కారణం అని చెప్పే తేడా ఇదే. పెట్టె మూలలో 'దీ' అనో 'త' అనో పెన్సిలుతో రాసుకుంటే, జవాబు రాసేటప్పుడు రెండూ కలిసిపోవు.

ఇప్పుడు కిందిసగం. 1948 సెప్టెంబరులో సైనిక చర్యతో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ముల్కీ ఆందోళన. ముల్కీ అంటే స్థానికుడు. బయటినుంచి వచ్చినవారు స్థానికుల ఉద్యోగాలు తీసుకుంటున్నారని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, హైదరాబాద్‌లో కాల్పులు జరిగాయి. అంటే మద్రాసులో దీక్ష మొదలయ్యే నాటికి నెలన్నర ముందే ఇక్కడ వేరే భయం బయటపడింది. రెండు కథలూ ఒకే ఏడాది నడుస్తున్నా, ఒకదాని నుంచి మరోదానికి అప్పటికి బాణం లేదు. గీయాలని చేతికి దురద పుట్టేది సరిగ్గా ఇక్కడే.

మరి రెండూ కలిసేది ఎక్కడ? 1953 డిసెంబరులో. ఆంధ్ర రాష్ట్రం ఇచ్చాక మిగతా భాషల వాళ్లూ గట్టిగా అడగడం మొదలుపెట్టారు, కేంద్రం దేశమంతటికీ కలిపి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని వేసింది. దేశమంతటికీ అన్నప్పుడు హైదరాబాద్ కూడా అందులోకి వచ్చింది. పైసగం నుంచి వచ్చిన బాణం, కిందిసగం నుంచి వచ్చిన బాణం ఈ ఒక్క పెట్టె దగ్గరే కలుస్తాయి. శ్రీరాములు త్యాగానికి, 1956కు నిజంగా ఉన్న సంబంధం ఇంత చుట్టుతిరుగుడుది. ఉంది, కానీ నేరుగా లేదు.

ఆ తర్వాతి మెట్టు మీద చాలామంది జారిపడతారు. ఫజల్ అలీ అధ్యక్షతన హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం.పణిక్కర్ సభ్యులుగా ఉన్న ఆ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. అందువల్ల ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందని రాసేస్తారు. సంఘం చెప్పింది అది కాదు. తెలంగాణ ప్రాంతాన్ని అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చంది. అంటే బాణం ఎదురు దిక్కుకు చూపిస్తోంది. ఇలాంటి చోట బాణం మీద అడ్డంగా చిన్న గీత కొట్టి, పక్కన ఇంకో ప్రశ్న రాసుకోవాలి: సిఫార్సు వద్దన్నా విలీనం ఎలా జరిగింది? 1955 నవంబరులో ఆంధ్ర శాసనసభ తెలంగాణకు రక్షణలు ఇస్తామని తీర్మానం చేసింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ మిగులు ఆదాయం అక్కడే ఖర్చు చేయాలి, అక్కడి ఉద్యోగాలకు 12 ఏళ్ల నివాసం ఉండాలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. 12 ఏళ్ల షరతు నుంచి 1952 ముల్కీ ఆందోళన పెట్టెకు వెనక్కి ఒక గీత గీసి చూడండి. ఆ షరతు ఎక్కడినుంచి వచ్చిందో అడగక్కర్లేదు.

పేజీ పూర్తయింది. పెట్టెలు డజనుకు అటూ ఇటూ. ఇక జవాబు. ఇంటర్ చరిత్రలో పది మార్కుల ప్రశ్నకు నలభై పంక్తుల హద్దు చాలా ఏళ్లుగా విద్యార్థులకు తెలిసిందే. ఆ నలభైలో అన్ని పెట్టెలకూ సమానంగా చోటు పంచితే జవాబు మళ్లీ పట్టికే అవుతుంది. బాణాలు ఎక్కువగా వచ్చి చేరిన పెట్టెకు, ఎక్కువగా బయలుదేరిన పెట్టెకు ఎక్కువ పంక్తులు ఇవ్వాలి. ఈ పేజీలో అవి 1952, 1953, 1956 ఫిబ్రవరి. 1913కు రెండు పంక్తులు చాలు. పేరాలు కూడా పేజీయే చెబుతుంది: పైసగం ఒక పేరా, కిందిసగం ఒకటి, రెండూ కలిసిన చోటు ఒకటి, ఒప్పందం ఒకటి. బాణం పక్కన రాసిన వాక్యాలు దాదాపు యథాతథంగా పేరాల మొదటి వాక్యాలవుతాయి. "1953లో పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని నియమించారు" అని మొదలైన పేరాకూ, "ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటంతో ఇతర భాషా ప్రాంతాల డిమాండ్లు బలపడి, కేంద్రం పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది" అని మొదలైన పేరాకూ తేడా దిద్దేవారికి తెలిసిపోతుంది.

దీనికి హద్దులూ ఉన్నాయి. బాణాలు చక్కగా కుదిరేసరికి అంతా అలాగే జరిగి తీరవలసిందన్న భ్రమ కలుగుతుంది. 1955 నివేదిక అమలై ఉంటే కథ వేరు. పెట్టెల్లో పట్టనివి కూడా ఉంటాయి. హైదరాబాద్ శాసనసభలో విలీనం మీద జరిగిన వాదోపవాదాలను ఒక్క గీత చూపించలేదు. పుస్తకంలో కారణమంటూ ఒక్క మాటే ఉన్నచోట సొంతంగా కారణం కల్పించి బాణం గీయడం కంటే చుక్కల గీత వదిలేయడమే మేలు.

ఈ పేజీ పారేయకండి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మీద ప్రశ్న వచ్చినప్పుడు ఇక్కడ చివరి నుంచి రెండోదిగా ఉన్న పెద్దమనుషుల ఒప్పందమే అక్కడ మొదటి పెట్టె. దాని పక్కన రాయవలసిన తొలి వాక్యానికి కావలసిన సంగతి 1956 నవంబరులోనే ఉంది: నీలం సంజీవరెడ్డి ఏర్పాటు చేసిన మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేరు.