గుడి షాపులకు అద్దె నోటీసు: ఏ మాట ఎలా రాయాలి?

గుడి ముందు కొబ్బరికాయలు, పూలు, పూజాసామగ్రి అమ్మే షాపుల్లో చాలావాటికి ఓనరు లోపలున్న దేవుడే. ఇది భక్తితో అనే మాట మాత్రమే కాదు. విగ్రహానికి సొంత ఆస్తి ఉంటుందని మన కోర్టులు ఏనాడో ఒప్పుకున్నాయి. ఆ ఆస్తిని ఈవో, ట్రస్టు బోర్డు దేవుడి తరఫున చూసుకుంటారంతే. అందుకే "పాత మనిషి కదా, పోనీలే" అని ఈవో అద్దె వదిలేయలేరు. "నచ్చకపోతే రేపే ఖాళీ చెయ్యి" అనడానికీ వీల్లేదు. అద్దె పెంపు, లీజు పునరుద్ధరణ గురించి షాపుదారుకు ఇచ్చే నోటీసును ఈ రెండు హద్దుల మధ్యే రాయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రహరీగోడకు ఆనుకుని 120 చదరపు అడుగుల గది ఉంది. నెల అద్దె 9,000 రూపాయలు. మూడేళ్ల లీజు 2027 మార్చి 31తో ముగుస్తుంది. అదే వీధిలో ప్రైవేటు గదులు అడుగుకు 110 రూపాయల చొప్పున పోతున్నాయి. ఆ లెక్కన ఈ గదికి 13,200 రావాలి. దేవస్థానం 12,000 అడగాలనుకుంది. ఇక నోటీసు రాయాలి.

సాధారణంగా తప్పు మొదటి వాక్యంలోనే జరుగుతుంది. "మీ అద్దె ఇంతకు పెంచడమైనది, వెంటనే చెల్లించగలరు" అని రాసేస్తారు. లీజు నడుస్తుండగా, పెంచుకోవచ్చన్న షరతు అందులో లేకపోతే, అద్దెను ఒక పక్షమే పెంచితే చెల్లదు. గడిచిపోయిన నెలలకు పాత తేదీ నుంచి పెంచి బకాయి చూపిస్తే అసలే నిలబడదు. పెంపు అన్నది కొత్త లీజుకు చేసే ప్రతిపాదన. కాబట్టి నోటీసులో రెండు సంగతులు వేర్వేరుగా కనిపించాలి: ఇప్పటి లీజు ఫలానా తేదీతో ముగుస్తుందన్నది ఒకటి, ఆ తర్వాత కొనసాగాలంటే షరతులు ఇవి అన్నది రెండోది. రెండూ కలగాపులగమైతే షాపుదారు "లీజు ఇంకా ఉందనే కదా అద్దె పెంచారు" అని వాదిస్తాడు. ఆ వాదనలో పస కూడా ఉంటుంది.

ఆ రెండు సంగతులనూ మర్యాదగా ఇలా రాయవచ్చు: "మీ షాపు గది లీజు గడువు 31-03-2027తో ముగుస్తున్నది. ఇంతకాలం అద్దె సక్రమంగా చెల్లించినందుకు దేవస్థానం కృతజ్ఞతలు తెలుపుతున్నది. పక్క గదుల అద్దెలను పరిశీలించి, 01-04-2027 నుంచి నెలకు రూ. 12,000 అద్దెను ప్రతిపాదించడమైనది. ఆ లెక్క కాగితం దీనికి జతచేశాము. మీ సమ్మతిని గానీ అభ్యంతరాన్ని గానీ 31-01-2027 లోపు రాతపూర్వకంగా తెలపగలరు. గడువులోగా సమాధానం రాకపోతే మీకు పునరుద్ధరణ అవసరం లేదని భావించి, నిబంధనల ప్రకారం తదుపరి చర్య తీసుకోబడును." ఇందులో బెదిరింపు లేదు. తేదీలు మాత్రం గట్టిగా ఉన్నాయి.

లెక్క కాగితాన్ని జతచేయడం చిన్న విషయం కాదు. 9,000 ఒక్కసారిగా 12,000 ఎందుకయిందో చెప్పకపోతే షాపుదారు దాన్ని కక్షగా అనుకుంటాడు. మూడు నాలుగు పక్క గదుల కొలతలు, అద్దెలు చూపిస్తే అతను అంకెల మీదే మాట్లాడతాడు.

ఈవో తన చేతిలో లేనిది హామీ ఇవ్వకూడదు. దేవాదాయ శాఖ నిబంధనల్లో షాపు గదులకు మామూలు పద్ధతి బహిరంగ వేలమే. పునరుద్ధరణ షాపుదారుకు హక్కు కాదు, దానికి పై అధికారుల ఆమోదం కావాలి. "మీ సమ్మతి అందిన తర్వాత ఆమోదం కోసం పంపబడును, ఆమోదం రాకపోతే గది వేలానికి వెళ్లును" అన్న వాక్యం నోటీసులో ఉండి తీరాలి. దాన్ని దాచిపెట్టి తీయగా రాయడం మర్యాద అనిపించుకోదు.

ఇక చాలామంది మరచిపోయేది జీఎస్టీ. ఆదాయపన్ను చట్టం కింద నమోదైన ఆలయానికి తన ప్రాంగణంలోని, దానికి ఆనుకుని ఉన్న స్థలాల అద్దె మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. అయితే షాపు అద్దె నెలకు 10,000 రూపాయల లోపు ఉంటేనే. 9,000 ఉన్నంతకాలం పన్ను లేదు. 12,000 కాగానే, దేవస్థానం జీఎస్టీలో నమోదై ఉంటే, మొత్తం అద్దె మీదా 18 శాతం పడుతుంది. అంటే 2,160. షాపుదారు జేబులోంచి వెళ్లేది 14,160. నోటీసులో పెంపు 3,000 అని ఉంటుంది, అతనికి పడే భారం 5,160. మామూలు జీఎస్టీ కట్టే వ్యాపారి ఆ పన్నును తన పన్నులో సర్దుకోగలడు. పూలమ్మే చిన్న షాపుకు, కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఆ వీలు లేదు. ఈ అంకెను నోటీసులోనే చెప్పడం న్యాయం. అడిగే అద్దెను నిర్ణయించేటప్పుడే దీన్ని లెక్కలో పెట్టుకోవడం అంతకన్నా న్యాయం.

నోటీసు ఎవరి పేరున వెళ్లాలన్నదీ ముఖ్యమే. రికార్డులో తండ్రి పేరుంటుంది. ఆయన పోయి ఏళ్లవుతుంది, కొడుకు షాపు నడుపుతుంటాడు, రసీదులు ఇంకా తండ్రి పేరునే తెగుతుంటాయి. అలాంటప్పుడు వారసులందరి పేర్లూ రాయాలి. గదిని మరొకరికి సబ్‌లీజుకు ఇచ్చేసి ఉంటే, లోపల కూర్చున్న మనిషిని అద్దెదారు అని సంబోధించకూడదు. అలా రాసి అతని దగ్గర అద్దె కూడా పుచ్చుకుంటే, అతనికి లేని హక్కును దేవస్థానమే కట్టబెట్టినట్టవుతుంది.

లీజు రిజిస్టరు కాకపోతే మరో చిక్కు ఉంది. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలి. చేయకపోతే సాధారణంగా కోర్టులు దాన్ని నెలవారీ అద్దెగానే చూస్తాయి. దాన్ని ముగించాలంటే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ రోజులు నోటీసు అందిన నాటి నుంచి లెక్కకొస్తాయి, రాసిన తేదీ నుంచి కాదు. పోస్టులో పంపి అందిన రుజువు దాచుకోవాలి. మనిషి చేతికి ఇస్తే సంతకం తీసుకోవాలి. రెండూ కుదరకపోతే షాపుకు కనిపించేచోట అంటించవచ్చు.

గడువు దాటాక అద్దె తీసుకోవడం దగ్గరే దేవస్థానాలు ఎక్కువగా దెబ్బతింటాయి. ఏప్రిల్ నెల 9,000 తెస్తే గుమాస్తా మామూలుగా రసీదు రాసేస్తాడు. అది పాత లీజును కొనసాగించడానికి సమ్మతేనని షాపుదారు కోర్టులో చూపిస్తాడు. అందుకే "గడువు తర్వాత చెల్లించే సొమ్మును గది వాడుకున్నందుకు పరిహారంగా మాత్రమే జమ కట్టుకొందుము, ఇది లీజు పొడిగింపు కాదు" అని నోటీసులోనూ రాయాలి, ఆ తర్వాతి ప్రతి రసీదు మీదా రాయాలి.

షాపుదారుకూ ఇక్కడ ప్రమాదం ఉంది. 1987 నాటి దేవాదాయ చట్టం 83వ సెక్షన్ ప్రకారం లీజు ముగిశాక కూడా గదిలో కొనసాగే మనిషి ఆక్రమణదారే. నిన్నటిదాకా అద్దె కట్టినవాడైనా అంతే. అతన్ని ఖాళీ చేయించే కేసు ఎండోమెంట్స్ ట్రిబ్యునల్‌కు వెళ్తుంది.

కాబట్టి అలాంటి నోటీసు అందిన షాపుదారులు దాన్ని గల్లాపెట్టెలో పడేయవద్దు. 12,000 ఎక్కువనిపిస్తే ఎంత ఇవ్వగలరో, ఎందుకో, పక్క గదుల అద్దెలు చూపిస్తూ గడువులోపు రాసివ్వండి. ఆ కాగితం నకలు మీద దేవస్థానం ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని, అద్దె రసీదులతో పాటు భద్రపరచుకోండి.