115 నెలల లెక్క

పోస్టాఫీసులో కిసాన్ వికాస్ పత్రం తీసుకుంటే పెట్టిన సొమ్ము 115 నెలలకు రెట్టింపు అవుతుంది. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీని 7.5 శాతంగా ప్రకటించినప్పుడు పెట్టిన గడువు ఇది. పదేళ్లు అనో, తొమ్మిదేళ్లు అనో చెప్పకుండా 115 నెలలేమిటని చాలామందికి అనుమానం వస్తుంది. ఆ అంకె ఎవరో ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. చక్రవడ్డీ సూత్రంలోంచి నేరుగా ఊడిపడింది. కాగితం, కలం లేకుండానే దాన్ని సరిచూసుకునే ఉపాయం కూడా ఉంది.

ముందు లెక్క చూద్దాం. లక్ష రూపాయలకు ఏడాదికి ఏడున్నర శాతం అంటే మొదటి ఏడు వడ్డీ 7,500. అది మన చేతికి రాదు, అసలులో కలిసిపోతుంది. రెండో ఏడు వడ్డీ లక్షకు కాదు, 1,07,500కు కట్టాలి. అప్పుడు 8,062 రూపాయల 50 పైసలు వస్తుంది. మొదటి ఏటి కంటే అదనంగా వచ్చిన 562 రూపాయల 50 పైసలు ఎక్కడివి? నిరుటి 7,500 మీద ఏడున్నర శాతం. చక్రవడ్డీ అంటే ఇంతే. బారువడ్డీలో ఆ 7,500 ఏళ్ల తరబడి పక్కన ఊరికే పడి ఉంటుంది.

ఏటేటా ఇలా కూడుకుంటూ పోనక్కర్లేదు. ప్రతి ఏడూ సొమ్ము 1.075 రెట్లు అవుతోంది కాబట్టి, ఎన్నేళ్లయితే అన్నిసార్లు 1.075తో గుణిస్తే చాలు. దాన్నే సూత్రంగా రాస్తే:

A = P (1 + r/n)^(nt)

P అసలు, A చివరికి చేతికొచ్చే మొత్తం, t ఏళ్లు. r ఏడాది వడ్డీ రేటు. ఏడున్నర శాతాన్ని 0.075 అని వేసుకోవాలి. n అంటే ఏడాదిలో ఎన్నిసార్లు వడ్డీని అసలులో కలుపుతారన్నది. కిసాన్ వికాస్ పత్రంలో ఏడాదికి ఒక్కసారే కలుపుతారు, కాబట్టి n ఒకటి. తొమ్మిదేళ్లకు లక్ష 1,91,724 అవుతుంది, పదేళ్లకు 2,06,103. రెండు లక్షల గీత ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. సూక్ష్మంగా కడితే అది తొమ్మిదేళ్ల ఏడు నెలల దగ్గర తేలుతుంది. అదే 115 నెలలు. బారువడ్డీ అయితే ఇదే రేటుకు రెట్టింపు కావడానికి 13 ఏళ్ల 4 నెలలు పట్టేది.

ఇప్పుడు ఉపాయం. 72ను వడ్డీ శాతంతో భాగించండి, సొమ్ము ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో వస్తుంది. 72ను 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలల పైచిలుకు. ఇటలీ గణితవేత్త లూకా పాచోలీ 1494లో అచ్చయిన తన పుస్తకంలోనే ఈ 72 సూత్రాన్ని చెప్పాడు.

72 ఎందుకు? వడ్డీ క్షణక్షణం అసలులో కలుస్తూ పోతే అక్కడ ఉండాల్సిన అంకె 69.3. ఏడాదికోసారి మాత్రమే కలిపితే రెట్టింపు కాస్త ఆలస్యమవుతుంది, కాబట్టి అంకెను కొంచెం పెంచాలి. ఎనిమిది శాతం దగ్గర ఆ అంకె సరిగ్గా 72కు చేరుతుంది. పైగా 72ను 2, 3, 4, 6, 8, 9, 12 అన్నీ శేషం లేకుండా భాగిస్తాయి, నోటిలెక్కకు అంతకన్నా అనువైనది ఏముంది? ఎనిమిదికి దూరం జరిగే కొద్దీ మాత్రం తేడా కనిపిస్తుంది. రేటు మూడు శాతం పెరిగినప్పుడల్లా 72కు ఒకటి కలుపుకుంటే, తగ్గినప్పుడల్లా ఒకటి తీసేస్తే మళ్లీ గాడిన పడుతుంది.

ఇంతవరకు పొదుపు. అప్పు దగ్గరికి వస్తే ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడకూడదు. మన ఊళ్లలో ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ అంటారు. అది నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. 72ను 24తో భాగించి మూడేళ్లకే అప్పు రెట్టింపవుతుందని అనేస్తే తప్పు. మామూలుగా నోటు మీద నడిచేది బారువడ్డీ. లక్షకు నెలకు రెండు వేలు చొప్పున ఇంకో లక్ష కావడానికి 50 నెలలు పడుతుంది. 72 సూత్రం చక్రవడ్డీకే చెల్లుతుంది.

కానీ ఆ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, కోర్టుకు వెళ్లే వీలు పోతుంది. అందుకని గడువులోపే నోటు తిరగరాయిస్తారు. బారువడ్డీ చక్రవడ్డీగా మారేది సరిగ్గా అక్కడే. మధ్యలో ఏమీ కట్టలేదనుకుందాం. మూడేళ్లకు వడ్డీ 72,000 అయింది (సూత్రంలోని 72కూ దీనికీ సంబంధం లేదు). కొత్త నోటు 1,72,000కు రాస్తారు. నిన్నటిదాకా నెలకు 2,000 ఉన్న వడ్డీ రేపటినుంచి 3,440. ఇంకో మూడేళ్లకు బాకీ 2,95,840కి చేరుతుంది. పాత నోటే ఆరేళ్లు నడిచి ఉంటే 2,44,000 అయ్యేది. తేడా 51,840 రూపాయలు. అదంతా పేరుకుపోయిన 72,000 మీద రెండో మూడేళ్లలో పడిన వడ్డీ. ఏటేటా నోటు మారుస్తూ పోతే ఇదే రేటుకు ఆరేళ్లలో బాకీ 3,63,000 దాటుతుంది. వడ్డీ రేటు ఎక్కడా పైసా పెరగలేదు. మారిందల్లా వడ్డీ అసలులో ఎన్నిసార్లు కలిసిందన్నదే, అంటే సూత్రంలోని n.

బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో అదే n మనకు అనుకూలంగా పనిచేస్తుంది. చాలా బ్యాంకులు మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి. ఏడున్నర శాతానికే అక్కడ లక్ష ఏడాదికి 1,07,714 అవుతుంది. పోస్టాఫీసు లెక్కలో 115 నెలలు పట్టే రెట్టింపు ఇక్కడ 112 నెలలకే పూర్తవుతుంది. అయితే వడ్డీని ప్రతి మూడు నెలలకూ సేవింగ్స్ ఖాతాలోకి తీసుకునే పద్ధతి ఎంచుకుంటే అసలు పెరగదు, 72 సూత్రం ఆ డిపాజిట్‌కు వర్తించదు. కాబట్టి డబ్బు ఇచ్చేటప్పుడైనా తీసుకునేటప్పుడైనా రేటు ఒక్కటే అడిగితే చాలదు. వడ్డీ అసలులో ఎప్పుడెప్పుడు కలుస్తుందో కూడా అడగాలి.

సూత్రాన్ని తిరగేసి వాడితే ఇంకో ఉపయోగం ఉంది. ఎవరైనా రేటు చెప్పకుండా, 'రెండేళ్లలో రెట్టింపు చేసి ఇస్తాం' అన్నారనుకోండి. 72ను రెండుతో భాగించండి, 36 శాతం వస్తుంది. ఇంత పెద్ద రేటు దగ్గర సూత్రం బాగా తక్కువ చూపిస్తుంది, నిజానికి కావాల్సింది ఏడాదికి 41.4 శాతం. నూటికి రెండు రూపాయలకు అప్పిచ్చే వడ్డీ వ్యాపారి, ఇచ్చిన ప్రతి రూపాయీ వసూలు చేసుకుని వడ్డీని ఏటేటా మళ్లీ అప్పులకే తిప్పినా, రెండేళ్లకు అతని లక్ష 1,53,760 దాటదు. ఇచ్చేవాడు ఏ వ్యాపారంతో దాన్ని రెండు లక్షలు చేస్తాడో చెప్పమని అడగండి. జవాబు లేకపోతే, ముందు చేరినవాళ్లకు వెనక చేరినవాళ్ల సొమ్మే పంచుతున్నాడని అనుమానించాలి.