రెండు మూడు వేల టీవీ బాక్సులో గేమ్‌లు ఆడగలమా?

పాత టీవీకి రెండు మూడు వేలు పెట్టి ఆండ్రాయిడ్ బాక్సో, హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించే స్టిక్కో కొంటాం. సినిమాలు బాగానే వస్తాయి. నాలుగు రోజులయ్యాక ఇంట్లో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో గేమ్‌లు ఆడొచ్చా? 4కె సినిమా ఆడించే బాక్సుకు గేమ్ ఓ లెక్కా అని పెద్దవాళ్లూ అనుకుంటారు. పొరపాటు పడేది అక్కడే.

ఈ బాక్సుల్లోని చిప్‌లో సినిమా కోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. కుదించి పంపిన వీడియోను విప్పి తెర మీద వేయడం తప్ప దానికి వేరే పని రాదు, ఆ పనిని మాత్రం చాలా తేలిగ్గా చేస్తుంది. గేమ్ సంగతి వేరు. అక్కడ బొమ్మ ముందే తయారై ఉండదు. మీరు బటన్ నొక్కిన దాన్ని బట్టి సెకనుకు 60 బొమ్మలు అప్పటికప్పుడు గీయాలి, అంటే ఒక్కో బొమ్మకు దొరికేది 17 మిల్లీసెకన్ల లోపే. ఆ గీసే పని ప్రాసెసర్‌దీ, గ్రాఫిక్స్ భాగానిదీ. చవక బాక్సుల్లో పొదుపు చేసేది సరిగ్గా ఈ రెండింటి మీదే. హాల్లో ప్రొజెక్టర్ ఆడించే మనిషిని పిలిచి బొమ్మ గీయమన్నట్టుంటుంది వ్యవహారం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏళ్ల తరబడి చవక బాక్సుల్లో విరివిగా వచ్చిన చిప్ అమ్లాజిక్ సంస్థ తయారుచేసిన S905W. అందులో నాలుగు కోర్లుంటాయి, గ్రాఫిక్స్ భాగం పేరు Mali-450. ఈ గ్రాఫిక్స్ డిజైన్ 2012 నాటిది. గేమ్‌లు బొమ్మలు గీయడానికి వాడే ప్రమాణం ఓపెన్‌జీఎల్ ఈఎస్‌లో ఇది 2.0 దగ్గరే ఆగిపోయింది. 3.0 కావాలనే గేమ్ ఇందులో ఇన్‌స్టాల్ కాదు, లేదా తెరవగానే మూసుకుపోతుంది. ర్యామ్ ఎంత పెంచినా, ఏ అప్‌డేట్ ఇచ్చినా ఈ లోటు తీరదు. దీని తర్వాతి తరం చిప్‌లైన S905X3, S905X4ల్లోనూ, ఆల్‌విన్నర్ H616లోనూ Mali-G31 ఉంటుంది. ఇది 3.2 వరకూ అర్థం చేసుకుంటుంది. బలం మాత్రం మామూలు చవక ఫోన్ స్థాయిలోనే ఉంటుంది.

కాబట్టి అట్టపెట్టె మీద రాసిన 8కె, 64 జీబీ లాంటివి చూసి లెక్క వేయకండి. ఏఐడీఏ64 లాంటి ఉచిత యాప్ వేసి చూస్తే చిప్ పేరు, గ్రాఫిక్స్ పేరు, నిజంగా ఉన్న ర్యామ్ కనిపిస్తాయి. పేరు లేని బాక్సుల్లో ఆండ్రాయిడ్ నంబరును కూడా మార్చి చూపిస్తుంటారు. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ 13 అని ఉండి, యాప్‌లో ఏపీఐ లెవెల్ 29 అని కనిపిస్తే అది నిజానికి ఆండ్రాయిడ్ 10. అలాంటి బాక్సులో ర్యామ్ అంకెనూ నమ్మక్కర్లేదు.

ఇక ఏవి ఆడతాయో చూద్దాం. ఇలాంటి బాక్సు బాగా చేసేది పాత వీడియో గేమ్‌ల పని. తొంభైలలో మన ఊళ్లలో టీవీకి తగిలించి, క్యాసెట్ గుచ్చి మారియో, కాంట్రా ఆడిన వాళ్లకు ఆ యంత్రాలు గుర్తుండే ఉంటాయి. అవి నింటెండో పాత యంత్రానికి నకళ్లు. ఆ యంత్రం తెర మీద వేసే బొమ్మలో అడ్డంగా 256, నిలువుగా 240, మొత్తం 61,440 చుక్కలుండేవి. ఇప్పటి ఫుల్ హెచ్‌డీ బొమ్మలో చుక్కలు 20 లక్షల పైనే. ఆ పాత యంత్రాన్ని అనుకరించడం ఎంత చవక బాక్సుకైనా చేతనవుతుంది. రెట్రోఆర్క్ అనే ఉచిత యాప్‌తో నింటెండో, సూపర్ నింటెండో, సెగా గేమ్‌లు పూర్తి వేగంతో నడుస్తాయి. 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ గేమ్‌లు కూడా S905W మీద చాలా వరకు హాయిగా ఆడొచ్చు. రెట్రోఆర్క్‌లో పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే కోర్ ఎంచుకోవాలి, అది ఇలాంటి చిప్‌ల కోసమే పదును పెట్టింది.

అక్కడి నుంచి బాట గతుకులమయం. నింటెండో 64 గేమ్‌లు కొన్ని నడుస్తాయి, కొన్ని నత్తనడకన సాగుతాయి. పీఎస్‌పీలో రెండు కొలతల్లో గీసిన గేమ్‌లు పర్వాలేదు, భారీ యుద్ధాల గేమ్‌లు కుదరవు. ప్లేస్టేషన్ 2 మీద ఆశ వదులుకోవడమే మంచిది. బాక్సు మోయగలుగుతోందో లేదో కనిపెట్టడం తేలికే. రెట్రోఆర్క్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్‌రేట్ చూపించమని పెడితే తెర మూలన అంకె వస్తుంది. అది 60 దగ్గర నిలబడితే బాక్సు సుఖంగా ఉన్నట్టు. 45కు జారితే బొమ్మ కంటే ముందు శబ్దం చెబుతుంది. పాట తెగి తెగి, గరగరమంటూ వస్తుంది. పది నిమిషాలు బాగా ఆడి తర్వాత అలా మొదలైతే తప్పు గేమ్‌ది కాదు, వేడిది. టీవీ వెనక గాలాడని చోట ఇరుక్కున్న స్టిక్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. స్టిక్‌తో వచ్చిన హెచ్‌డీఎంఐ పొడిగింపు తీగ వాడి బయటికి వేలాడదీస్తే కొంత మేలు. గేమ్ తెరవగానే స్టిక్ రీస్టార్ట్ అవుతుంటే దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. టీవీ యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది తరచూ అర ఆంపియరే. గోడ అడాప్టరుకు మార్చగానే ఆ గొడవ చాలాసార్లు పోతుంది.

ఒక్క మాట: ఈ ఎమ్యులేటర్ యాప్‌లు చట్టబద్ధమే గానీ, నెట్‌లో దొరికే గేమ్ ఫైళ్లలో ఎక్కువ భాగం కాపీరైట్ ఉన్నవే. పదివేల గేమ్‌లున్నాయని అమ్మే గేమ్ స్టిక్‌లదీ అదే కథ. పైగా అందులో ఒకే గేమ్ నాలుగైదు పేర్లతో ఉంటుంది.

రెండో రకం, టీవీ కోసమే తయారైన తేలిక గేమ్‌లు. క్రాసీ రోడ్, బ్యాడ్‌ల్యాండ్, బీచ్ బగ్గీ రేసింగ్ లాంటివి రిమోట్‌తోనో గేమ్‌ప్యాడ్‌తోనో ఆడేలా ఉంటాయి. వీటిలో గ్రాఫిక్స్ తగ్గించుకునే వీలుంటే తగ్గించండి, ఆట సాఫీగా సాగుతుంది. అసలైన ఆండ్రాయిడ్ టీవీ బాక్సులో ప్లే స్టోర్ టీవీకి పనికొచ్చే గేమ్‌లనే చూపిస్తుంది. ఫోన్‌లో పిల్లలు ఆడే ఫ్రీ ఫైర్, బీజీఎంఐ అందులో కనిపించకపోవడానికి కారణం అదే. పేరు లేని బాక్సులు ఫోన్ ఆండ్రాయిడ్‌నే టీవీకి అతికించి ఇస్తాయి కాబట్టి వాటిలో ఇవి ఇన్‌స్టాల్ కావచ్చు. కానీ ఆ గేమ్‌లు వేళ్లతో తెరను తాకి ఆడేవి. మౌస్ పట్టుకుని ఆ యుద్ధం చేయడం అయ్యే పని కాదు, దానికి తోడు ఒకటి రెండు జీబీల ర్యామ్‌లో సగం ఆండ్రాయిడే తినేస్తుంది. స్టిక్‌లో నిల్వ చోటు కూడా సాధారణంగా 8 జీబీలే, సిస్టమ్ పోగా మిగిలేది నాలుగైదు. ఒక్క పెద్ద గేమ్‌కు కూడా అది చాలదు.

ఈ బాక్సుల అసలు బలం మూడో దారిలో బయటపడుతుంది: గేమ్‌ను వేరే చోట నడిపి, దాని బొమ్మను వీడియోగా బాక్సుకు పంపడం. మొదట చెప్పుకున్నట్టు వీడియో విప్పడంలో బాక్సుది అందెవేసిన చేయి. ఇంట్లో గేమ్‌లాడే కంప్యూటర్ ఉంటే దానిలో సన్‌షైన్ అనే ఉచిత ప్రోగ్రాం, బాక్సులో మూన్‌లైట్ అనే ఉచిత యాప్ వేసుకుంటే చాలు. స్టీమ్ లింక్ కూడా ఇదే పని చేస్తుంది. పై గదిలో కంప్యూటర్ గేమ్ నడుపుతుంటే కింద హాల్లో టీవీ మీద ఆడుకోవచ్చు. ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 60 బొమ్మలకు మూన్‌లైట్ 20 ఎంబీపీఎస్ వేగాన్ని లెక్క వేసుకుంటుంది. చవక బాక్సుకు ఉండే 100 ఎంబీపీఎస్ తీగ పోర్టు దీనికి ధారాళంగా సరిపోతుంది. కాబట్టి వీలైతే కంప్యూటర్నీ బాక్సునూ రెండింటినీ తీగతోనే రౌటరుకు కలపండి. వైఫైతోనే కానివ్వాలంటే 5 గిగాహెర్ట్జ్ వాడండి. 2.4లో వైఫైకి, బ్లూటూత్ గేమ్‌ప్యాడ్‌కు మధ్య తగువు పడి, నొక్కిన బటన్ ఆలస్యంగా చేరుతుంది. అలాంటప్పుడు తీగతో తగిలించే గేమ్‌ప్యాడే మేలు. మూన్‌లైట్‌లో గణాంకాలు చూపించే సెట్టింగ్ ఉంది. అందులో డీకోడ్ సమయం 17 మిల్లీసెకన్లు దాటుతుంటే బాక్సుకు అందడం లేదని అర్థం, అప్పుడు 720పీకి దించాలి. టీవీలో గేమ్ మోడ్ ఉంటే అదీ వేయండి, బొమ్మకు మెరుగులు దిద్దడంలో టీవీ చేసే ఆలస్యం తగ్గుతుంది.

కంప్యూటర్ లేకపోతే క్లౌడ్ గేమింగ్ ఉంది, గేమ్ కంపెనీ సర్వర్‌లో నడుస్తుంది. చందా కట్టే ముందు ఆ సేవ మన దేశంలోనూ, మీ బాక్సు మోడల్‌లోనూ ఉందో లేదో చూసుకోండి. డేటా లెక్క కూడా వేసుకోండి. 20 ఎంబీపీఎస్ చొప్పున గంటకు 9 జీబీలు ఖర్చవుతాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీల ప్లాన్ ఉన్నవాళ్లకు అది పావుగంట కూడా రాదు. ఇంటి ఫైబర్ కనెక్షన్ ఉంటేనే దీని జోలికి వెళ్లాలి.

కొత్తగా కొనేవాళ్లు రెండు విషయాలు గమనించాలి. అమెజాన్ 2025లో తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కె సెలెక్ట్ ఆండ్రాయిడ్ మీద నడవదు, వేగా ఓఎస్ అనే వేరే వ్యవస్థ మీద నడుస్తుంది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లు తెచ్చి వేసుకోవడం అందులో సాగదు. రెండోది భద్రత. T95 పేరుతో అమ్ముడైన బాక్సులో ఫ్యాక్టరీ నుంచే హానికర సాఫ్ట్‌వేర్ వచ్చిందని 2023 జనవరిలో బయటపడింది. ఇలాంటి బాక్సుల గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో జనాన్ని హెచ్చరించింది. గూగుల్ ధ్రువీకరణ లేని బాక్సులో బ్యాంకు పనులు చేయకండి, మీ ముఖ్యమైన గూగుల్ ఖాతాతో లాగిన్ కాకండి.

ఇంట్లో బాక్సు ఇప్పటికే ఉంటే వెయ్యి రూపాయల లోపు గేమ్‌ప్యాడ్ ఒకటి కొని పాత గేమ్‌లు, తేలిక గేమ్‌లు ఆడుకోండి, కంప్యూటర్ ఉంటే మూన్‌లైట్ వేసుకోండి. గేమ్‌ల కోసమే కొత్తగా బాక్సు కొనాలనుకుంటే మాత్రం ఆ డబ్బు దాచుకుని వాడిన గేమ్ కన్సోల్ చూసుకోవడమే లాభం.