పంపే ముందు ఒక్క చూపు

హైదరాబాద్‌లో కొత్తగా ఇంటర్న్‌గా చేరిన అమ్మాయి మేనేజర్‌కి సేల్స్ రిపోర్టు పంపాలనుకోండి. సబ్జెక్టులో ‘రిపోర్టు’ అని ఊరుకుంటే, నెల తర్వాత ఆయన వెతికినా ఓ పట్టాన దొరకదు. ‘జూన్ సేల్స్ రిపోర్టు: శుక్రవారంలోగా మీ ఆమోదం కావాలి’ అని రాస్తే మెయిల్ తెరవకముందే పనేమిటో తెలిసిపోతుంది.

‘రెస్పెక్టెడ్ సర్’ అంటూ వంగి దండాలు అక్కర్లేదు, వాట్సాప్ యాసా వద్దు. పేరుతో పలకరించి, అడగాల్సింది మొదటి వాక్యంలోనే అడగాలి.

ముందు ఫైలు జతచేసి, తెరిచి చూసుకుని, చిరునామా ఆఖరున నింపితే ఖాళీ మెయిల్ పొరపాటున వెళ్లదు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటిన ఫైలు డ్రైవ్ లింకుగా వెళ్తుంది. దాన్ని చూసే అనుమతి ఆయనకు ఇచ్చామా అన్నదే అక్కడ అసలు చిక్కు.

రిపోర్టులో అంకె మారితే, పాత అంకె అందుకున్న అందరికీ ‘రిప్లై ఆల్’ కొట్టాల్సిందే. ‘థాంక్యూ’ మాత్రం ఒక్కరికే చాలు. మనల్ని బీసీసీలో పెట్టినప్పుడు ఆ బటన్ నొక్కితే, చాటుగా చదువుతున్నామన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది.

జవాబు సిద్ధంగా లేకపోయినా, అదే రోజు ‘అందింది, రేపు మధ్యాహ్నానికి పంపుతాను’ అని రాస్తే ఆయన మళ్లీ అడగక్కర్లేదు.