చెదల గురించి ఇంటి యజమానికి రాసే ఉత్తరం

అద్దె ఇంట్లో చెదలు కనిపిస్తే చాలామంది యజమానికి ఫోన్ చేసి చెప్పి ఊరుకుంటారు. యజమాని ఎవరినో పంపి గుమ్మానికి మందు కొట్టిస్తారు. కొద్ది రోజులకు అక్కడే మళ్లీ మట్టి గీత లేస్తుంది. ఎప్పుడు చెప్పారో, ఏం అడిగారో ఇద్దరి దగ్గరా ఆధారం ఉండదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, తినేసిన గుమ్మం ఖర్చు అడ్వాన్సులో కోసే ప్రమాదమూ ఉంటుంది. చెదలు కనిపించిన వారంలోనే ఉత్తరం రాయాల్సింది ఇందుకే.

రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గోడ మీది మట్టి గీత నిజానికి చెదలు తేమ ఆరిపోకుండా కట్టుకునే సొరంగం. అసహ్యమని దాన్ని తుడిచేస్తే సాక్ష్యం పోతుంది. ముందు ఫొటో తీసి, మధ్యలో అంగుళం మేర మాత్రం చిదపాలి. కొద్ది రోజుల్లో ఆ ఖాళీ తడిమట్టితో పూడితే లోపల చెదలు తిరుగుతున్నట్టే. పూడకపోయినంత మాత్రాన పోయాయని కాదు, అవి దారి మార్చుకుని ఉండవచ్చు. తొలకరి తర్వాత కిటికీల దగ్గర రాలిన ఉసిళ్ల రెక్కలు కూడా దగ్గరలో పుట్ట ఉందనడానికి గుర్తే.

హైదరాబాద్‌లో ఒక ఇంటి కింది వాటాలో ఉంటున్న కుటుంబం రాసే ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“నమస్కారమండీ. జులై 6న బాత్రూం గుమ్మం ఎడమ పక్కన, నేల నుంచి జానెడు ఎత్తున చెదల మట్టి గీత కనిపించింది. కాస్త చిదిపి చూస్తే 9వ తేదీకి మళ్లీ కట్టుకున్నాయి. గుమ్మం చెక్కను తడితే డొల్లగా మోగుతోంది. వెనక గదిలోని గోడ బీరువా కింది అర దాకా పాకాయి. ఆ గోడ చెమ్మగా ఉంది, బాత్రూం పైపు కారుతున్నట్టుంది. ఫొటోలు జత చేశాను. పైన స్ప్రే కొడితే కనిపించేవే చస్తాయి కాబట్టి పైపు బాగు చేయించి, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లతో నేలకు రంధ్రాలు వేయించి మందు పట్టించమని కోరుతున్నాను. వాళ్లు ఏ రోజు వస్తారో 20వ తేదీలోగా చెబితే బీరువా ఖాళీ చేసి, సామాను గోడకు దూరంగా జరిపి ఉంచుతాం.”

ఇందులో ఎవరిదీ తప్పు అనలేదు, చూసింది చూసినట్టు రాశారు. అన్నిటికన్నా విలువైనది ఏ రకం చికిత్స కావాలో విడమరిచి చెప్పడం. ఇళ్లను పట్టే చెదల్లో ఎక్కువ రకాల పుట్ట మట్టిలోనే ఉంటుంది, రాణి ఉండేదీ అక్కడే. గుమ్మం మీద కిరోసిన్ పోసినా స్ప్రే కొట్టినా మేతకు వచ్చిన కూలి చెదలే చస్తాయి. అందుకే గోడ, నేల కలిసే చోట దాదాపు అడుగుకొకటి చొప్పున సన్నని రంధ్రాలు వేసి, మందు నీళ్లు మట్టిలోకి ఇంకేలా పోసి, సిమెంటుతో మూస్తారు. చెక్క గుమ్మానికీ ఏటవాలుగా రంధ్రాలు వేసి మందు పట్టిస్తారు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు వాసనను చెదలు పసిగట్టలేవు. మందున్న మట్టిలో తిరిగి, ఒకదాన్నొకటి తాకుతూ తోటివాటికీ అంటిస్తాయి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. చెమ్మ మిగిలిపోతే మాత్రం చెదలు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఉత్తరంలో పైపు మాట ముందు రాసింది అందుకే.

ఖర్చు ఎవరిదన్నది ముందుగా అద్దె ఒప్పందంలో చూడాలి. అందులో వేరే షరతు లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ వర్తిస్తుంది. యజమాని తాను చేయించాల్సిన మరమ్మతును, నోటీసు అందాక కూడా తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని అది చెబుతుంది. అయితే ఆ మరమ్మతు యజమాని బాధ్యతేనా అన్న దగ్గరే పేచీ వస్తుంది. అందుకని మొదటి ఉత్తరంలోనే అద్దె ఆపుతామని రాయడం మంచిది కాదు. గడువు దాటితే రెండో ఉత్తరంతో పాటు పెస్ట్ కంట్రోల్ వాళ్లు రాసిచ్చిన అంచనా పంపి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే డబ్బు పెట్టడం క్షేమం.

ఉత్తరం వాట్సాప్‌లో పంపినా, సంతకం చేసిన కాపీని స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచుకోవాలి. పని పూర్తయ్యాక ఏ మందు వాడారో, ఎంతకాలం గ్యారంటీ ఇచ్చారో బిల్లు మీద రాయించుకోవాలి. గ్యారంటీ కాలంలో గీత మళ్లీ లేస్తే ఆ బిల్లు చూపించి ఉచితంగా తిరిగి మందు పట్టించమని అడగవచ్చు.