వచ్చే శుక్రవారం అంటే ఏ శుక్రవారం?

మంగళవారం నాడు ఎవరైనా ‘వచ్చే శుక్రవారం మాట్లాడుకుందాం’ అన్నారనుకోండి. ఇంకో మూడు రోజుల్లో వచ్చేదే అనుకునేవాళ్లు కొందరు, కాదు పై వారంలోది అనుకునేవాళ్లు కొందరు. ఎవరి లెక్క వారికి సబబే. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటే ఇంకో ఫోన్‌తో తేలిపోతుంది. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు కాలిఫోర్నియాలో ఉంటే మాత్రం ఆ ఫోన్ చేయడానికి కూడా ఎవరో ఒకరు నిద్ర మానుకోవాలి.

2026 అక్టోబర్ 27, మంగళవారం అనుకుందాం. కాలిఫోర్నియాలో ఉన్న మేనేజర్ రాత్రి 8 గంటలకు ‘నెక్స్ట్ ఫ్రైడే పొద్దున 8కి రివ్యూ. రేపటికల్లా రిపోర్ట్ పంపండి’ అని మెసేజ్ పెట్టారు. ఆ క్షణంలో హైదరాబాద్‌లో బుధవారం ఉదయం 8.30. మేనేజర్ దృష్టిలో ‘రేపు’ అంటే బుధవారం. చదివిన మనిషికి రేపు అంటే గురువారం. రిపోర్ట్ దగ్గరే ఒక రోజు తేడా వచ్చేసింది.

ఇక ఆ శుక్రవారం అక్టోబర్ 30 కావచ్చు, నవంబర్ 6 కావచ్చు. అమెరికాలో వారంలోపు వచ్చేదాన్ని ‘దిస్ ఫ్రైడే’ అని, ఆ తర్వాతిదాన్ని ‘నెక్స్ట్ ఫ్రైడే’ అని అనేవాళ్లు చాలామంది. మనం ‘వచ్చే’ అన్నప్పుడు ఎదురుగా వస్తున్నదే ఎక్కువగా మనసులో ఉంటుంది. కాబట్టి ఇక్కడి మనిషి 30వ తేదీ రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుంటే అవతల ఎవరూ ఉండకపోవచ్చు.

ఈ రెండు శుక్రవారాల మధ్య ఇంకో మెలిక ఉంది. నవంబర్ 1, ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. అక్కడ ఏటా మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. మన గడియారం మారదు. అందుకే 30వ తేదీన అక్కడ ఉదయం 8 అయితే ఇక్కడ రాత్రి 8.30, 6వ తేదీన అదే ఉదయం 8కి ఇక్కడ రాత్రి 9.30. తేదీ తప్పితే టైమూ తప్పుతుందన్నమాట. ప్రతివారం జరిగే మీటింగ్‌ని క్యాలెండర్‌లో ఏ ఊరి టైముకి కట్టారన్నది కూడా ముందే అడగాలి. కాలిఫోర్నియా టైముకి కడితే నవంబర్ నుంచి మనకు గంట ఆలస్యం అవుతుంది, హైదరాబాద్ టైముకి కడితే వాళ్లకు పొద్దున 7కే వచ్చిపడుతుంది.

దీనికి నాకు తెలిసిన మంచి మందు ఒక్క వాక్యం. ‘శుక్రవారం, నవంబర్ 6, కాలిఫోర్నియాలో ఉదయం 8, హైదరాబాద్‌లో రాత్రి 9.30, అంతేనా అండీ?’ అని రాసి పంపడం. ఇందులో వారం పేరు అదనంగా కనిపిస్తుంది గానీ, అసలు కాపలా దానిదే. ఎవరైనా పొరపాటున ‘శుక్రవారం, నవంబర్ 5’ అని రాస్తే వారం, తేదీ పొసగవు, వెంటనే అడగొచ్చు. ఉత్త 5 అని ఉంటే తప్పు కనబడదు. నెలను పేరుతోనే రాయాలి. 11/12 అని రాస్తే మనకు డిసెంబర్ 11, అమెరికా వాళ్లకు నవంబర్ 12. టైముకి పక్కన ఊరి పేరు పెట్టాలి. పీఎస్టీ లాంటి పొట్టి పేర్లను ఏడాది పొడవునా అలవాటుగా రాసేస్తుంటారు. వేసవిలో అక్కడ నడిచేది ఆ టైము కాదు.

పెద్దవాళ్లను తిరిగి అడిగితే అర్థం కాలేదనుకుంటారేమోనని కొత్తగా చేరినవాళ్లు మొహమాటపడి ‘ఓకే సర్’ అనేస్తారు. ఆ ఓకే ఏ తేదీకో ఎవరికీ తెలియదు. తేదీని తిరిగి చెప్పడం అడగడం కాదు, ఖాయం చేసుకోవడం. పని ఇచ్చినవాళ్లే ముందుగా తేదీ రాస్తే ఇంకా మేలు.

‘ఈ వీకెండ్’ కూడా ఇంతే. సౌదీలో 2013 నుంచి వారాంతం శుక్ర, శనివారాలు. అక్కడి తెలుగువారికి ఆదివారం ఆఫీసు ఉంటుంది. ‘వీకెండ్‌లో పంపుతా’ అన్న మాటకు ఆదివారం దాకా ఎదురుచూస్తే వాళ్లకు పనిరోజు వచ్చేసినట్టే.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది అర్ధరాత్రి దగ్గర. మన పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది, అందుకే రాత్రి ఒంటిగంటను కూడా ‘శుక్రవారం రాత్రే’ అంటాం. రైల్వే టికెట్ మీద మాత్రం 00.00 దాటిందంటే శనివారం. శనివారం తేదీ చూసి ఆ రాత్రి స్టేషన్‌కు వెళ్తే, బండి ముందు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. గడువులకూ అదే చిక్కు, ‘శుక్రవారం 12 గంటలకు’ అంటే పగలా, ఆ రోజు మొదలా, చివరా తెలియదు. 11.59 అని అడిగి రాయించుకోవాలి. నవంబర్ 6, శుక్రవారం రాత్రి 11.59 కాలిఫోర్నియాలో అంటే, హైదరాబాద్‌లో పనిచేసే మనిషికి శనివారం మధ్యాహ్నం 1.29 దాకా సమయం ఉన్నట్టు.